బంకరులో మామ్మ

మొన్న సాయంత్రం మా ఊళ్ళో లైట్లన్నీ ఆర్పించారు. యుద్ధం వస్తే ఎలా మసులుకోవాలో జనానికి అలవాటు చేయడానికట. సైరన్ ఎక్కుతూ దిగుతూ మోగితే దీపాలు ఆర్పి లోపలికి పోవాలనీ, ఒకే తీరుగా సాగితే ఆపద తప్పినట్టనీ మైకులో ముందే చెప్పారు. మా వీధి పిల్లలకి అదొక పండగ అయింది. నేను కొట్టు షట్టరు దించుకుని చీకట్లో కూర్చున్నాను. సైరన్ మొదటిసారి పైకి లేచింది. నా చెయ్యి దానంతటదే పైట చెంగు తీసి నోట్లో పళ్ళ మధ్య పెట్టింది.

ఎవరూ చూడలేదు. చూసినా ఏమని చెప్పను?

నేను లెక్కల మనిషిని. బడి చదువు మధ్యలో ఆగిపోయినా, ఆటుపోట్ల పట్టికలు చూసి ఏ పూట నీళ్ళు ఎంతదాకా వస్తాయో డింగీ పడవల వాళ్ళకి చెప్పగలను. ‘సుమారు’ అనే మాట నాకు సయించదు. కానీ పెద్ద నీళ్ళు, అదే సునామీ, వచ్చిన ఆ ఏడాది గురించి చెప్పాలంటే నా దగ్గర సరైన అంకెలు లేవు. వాసనలు ఉన్నాయి, మామ్మ మాటలు ఉన్నాయి. వాటిని కూడి తీసివేసి చూస్తే వచ్చేది ఎప్పుడూ ఒకటి కాదు.

మాది పోర్ట్ బ్లెయిర్‌కి అవతల, ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ కాలనీ. మా తాతల ఊరు విశాఖపట్నం దగ్గర. నీళ్ళు వచ్చిపోయాక కింద వరసలో ఇళ్ళు పునాదులతో సహా లేవు. మా ఇంటికి గోడలు మిగిలాయి, కప్పు పోయింది. ఒడ్డున చెక్కు చెదరకుండా నిలిచింది ఒక్కటే, పాత యుద్ధంలో జపాను వాళ్ళు కట్టిన బంకరు. సగం ఇసకలో కూరుకుపోయి, సముద్రం వైపు సన్నటి చీలిక పెట్టుకుని, కళ్ళు చికిలించి చూసే ముసలి మనిషిలా ఉండేది.

మేమంతా కొండ మీది బడిలో ఉండేవాళ్ళం. తరగతి గదుల్లో బల్లలు తోసేసి, నీలం రంగు టార్పాలిన్లు కట్టి, కుటుంబానికి ఇంత జాగా అని సుద్దతో గీతలు గీశారు. ఆ క్యాంపు తలుచుకుంటే కిచిడీ మాడిన వాసన, డెట్టాల్ వాసన, తడిసి ఎండని దుప్పట్ల వాసన కలిసి వస్తాయి. నేనూ చెల్లీ పాలపొడి డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు నోట్లో కొట్టుకునేవాళ్ళం. అది అంగిలికి అంటుకుని ఊడేది కాదు. అమ్మ పిలిస్తే పలకలేక ఇద్దరం తల ఊపేవాళ్ళం. అమ్మకి తెలిసిపోయేది, కానీ లేచి వచ్చి కొట్టలేదు. నీళ్ళలో దూలం పడి కాలు విరిగి, పట్టీ వేయించుకుని కూర్చుంది. నాన్న డింగీ పోయింది కాబట్టి చాతం దీవిలోని రంపపు మిల్లులో కూలికి వెళ్ళి, సాయంత్రం ఫెర్రీలో వచ్చేవాడు.

మామ్మ మాత్రం క్యాంపులో ఉండలేకపోయింది. పొద్దున్నే కిందకి దిగి, మిగిలిన వలలు ఏరి, చేపలు ఎండబెట్టుకుంటూ ఒడ్డునే ఉండేది. ఆరేళ్ళ మా చెల్లి ఆమె తోక. బంకరుని మామ్మ చీపురు పెట్టి ఊడ్చింది. గుమ్మం లోపల అడుగు వేయగానే గోడ అడ్డంగా వచ్చి, పక్కకి తిరిగితేగానీ గది కనపడదు. మామ్మకి ఆ వంక చూస్తే ముచ్చట.

“సూసినావా, కట్టినోడికి బుద్దుంది. బయట బాంబు పడితే దాని గాలి తిన్నగా ఎల్తాదే గానీ వంక తిరగలేదు. మా ఇశాపట్నంలో మా నాన్నోళ్ళు తవ్విన గొయ్యీ ఇలగే, పాము ఎల్లినట్టు వంకర్లు తవ్వినారు.”

చిన్నప్పుడు ఆమె ఉన్న ఊరి మీద బాంబులు పడ్డాయి. పెద్దయ్యాక ఇంకో యుద్ధంలో తాతయ్య పేటకి వార్డెన్‌గా ఉండి, చీకటి పడ్డాక విజిల్ వేసుకుంటూ తిరిగేవాడు. ఏ ఇంటి సందులోంచి గోరంత వెలుగు బయటికి వచ్చినా పేరు పెట్టి కేకేసేవాడు. అద్దాలకి గంజితో కాగితం ముక్కలు అడ్డదిడ్డంగా అంటించడం, పగిలినా పెంకులు ఎగరకుండా. లాంతరు గాజుకి నల్లకాగితం చుట్టి వెలుగు కాళ్ళ మీదకే పడేట్టు చేయడం. గుమ్మానికి రెండు తెరలు కట్టడం, ఒకటి వేసుకున్నాకే రెండోది తీయాలి, లేకపోతే మనిషి వచ్చినప్పుడల్లా వెలుగు బయటపడుతుంది. బకెట్‌తో ఇసక సిద్ధంగా ఉంచుకోవడం, కొన్ని బాంబుల మంట మీద నీళ్ళు పోస్తే ఇంకా ఎగజిమ్ముతుంది కాబట్టి. ఇవన్నీ మామ్మ చేతులకి తెలుసు. నీళ్ళు వచ్చిపోయాక ఆ చేతులు మళ్ళీ పనిలో పడ్డాయి.

బంకరు గుమ్మానికి రెండు కంబళ్ళు కట్టింది. లోపల ఇసక బకెట్టు, మంచినీళ్ళ కుండ, పేలాలూ బెల్లమూ కట్టిన మూట. మాకు ఎలా పడుకోవాలో నేర్పింది. బోర్లా పడుకుని, మోచేతుల మీద ఆనుకుని, రొమ్ము నేలకి తగలకుండా ఎత్తి ఉంచాలి, నేల అదిరితే గుండెకి దెబ్బ తగలకుండా. చెవుల్లో దూది. పళ్ళ మధ్య గుడ్డ, నోరు తెరుచుకుని ఉంటే చెవులు పగలవట. చెల్లికి ఆ ఆట బాగా నచ్చింది. తన గుడ్డ తనే చీర ముక్కతో చేసుకుంది.

సాయంత్రాలు ఇంకొంచెం చిత్రంగా ఉండేవి. క్యాంపులో మా గీతల మధ్య కొవ్వొత్తి వెలిగిస్తే మామ్మ వచ్చి దాని మీద కొబ్బరి చిప్ప బోర్లించేది.

“సముద్రానికి కనపడకూడదే.”

“సముద్రానికి కళ్ళుంటాయేటి మామ్మా?” అని చెల్లి అడిగింది.

“లేకపోతే అంత దూరం నించి తిన్నగా మనిల్లే ఎలగ కనుక్కుంది?”

నవ్వాల్సిన మాటే. ఎవరం నవ్వలేదు. అమ్మ కూడా కిటికీ వైపు వీపు పెట్టి కూర్చుంది.

నాకు నా పిచ్చి నాది. పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఎంతదాకా వచ్చాయో బంకరు గోడ మీద బొగ్గుతో గీత గీసేదాన్ని. నీళ్ళు వచ్చిన రోజు నేల కుంగిపోయిందని పెద్దవాళ్ళు గుసగుసలాడేవారు. ద్వీపం మునుగుతోందని ఒకరు, అబద్ధమని ఒకరు. నా గీతలు చూస్తే మాత్రం, అంతకుముందు పోటులో తడవని గుమ్మం రాయి ఇప్పుడు మామూలు పున్నమికే తడుస్తోంది. ఇంకొక జానెడు పెరిగితే లోపలికి వస్తుంది. ఈ మాట మామ్మకి చెప్పాను.

“ఎల్లే, లెక్కలు. గోడ సూడు ఎంత మందముందో.”

ఆ రోజుల్లోనే క్యాంపులో సైరన్ పెట్టారు. చేత్తో తిప్పేది, ఇనప కాళ్ళ మీద నిలబెట్టినది. దాన్ని తిప్పడానికి ఒక రాంచీ కుర్రాణ్ణి పెట్టారు, పిల్లలం ‘సైరన్ భయ్యా’ అనేవాళ్ళం. హ్యాండిల్ వేగంగా తిప్పితే గొంతు పైకి లేస్తుంది, వదిలితే మెల్లగా కిందకి జారుతుంది. అలా లేపుతూ దించుతూ మోగిస్తే నీళ్ళు వస్తున్నాయని అర్థం, అందరూ కొండ ఎక్కాలి. అంతవరకే చెప్పారు. ఆపద తప్పినట్టు ఎలా మోగించాలో ఎవరూ చెప్పలేదు. పోలీసు వైర్‌లెస్‌లో కబురు వస్తే మనిషి వచ్చి నోటితో చెబుతాడట.

మామ్మకి అది నచ్చలేదు. “ఆల్ క్లియర్ లేని సైరనేటి? ఆపద పోయినాక ఒకే తీరుగా కొట్టాల గదా? ఎప్పుడు బయటికి రావాలో సెప్పకపోతే జనం లోపలే సచ్చిపోరా?” అని సైరన్ భయ్యాని నిలేసింది.

“నానీ, ఇధర్ తో అందర్ నహీ, ఊపర్ జానా హై,” అని అతను, లోపలికి కాదు పైకి అన్నట్టు, కొండ వైపు చెయ్యి చూపించాడు.

మామ్మ తల ఊపింది. పైకి వెళ్ళాలని ఆమెకీ తెలుసు. అడిగితే తడుముకోకుండా చెప్పేది.

ఒక సాయంత్రం నేల కదిలింది. అలాంటివి అప్పుడు మామూలే, కానీ ఇది ఆగకుండా సాగింది. వంట దగ్గర గంగాళంలో పప్పు దానంతటదే ఒక అంచు నుంచి ఇంకో అంచుకి ఊగింది. జనం ఆరుబయటికి పరిగెత్తారు. కొంతసేపటికి వైర్‌లెస్ కబురు వచ్చింది, సైరన్ మొదలైంది. కింద ఉన్నవాళ్ళంతా దారి పట్టి పైకి వస్తున్నారు. వెలుగు ఇంకా ఉంది గానీ, రంగులు పోయిన వెలుగు.

మామ్మా చెల్లీ ఇంకా రాలేదు.

“మీ ముసలామె కనపడింది గానీ,” అని పక్క గీతల్లో ఉండే బెంగాలీ అమ్మ ఎగశ్వాసతో చెప్పింది, “బచ్చీ చెయ్యి పట్టుకుని ఉల్టా జా రహీ థీ. సముందర్ కీ తరఫ్, సముద్రం వైపే. బజారుకి వెళ్తున్నట్టు.”

అమ్మ పట్టీ కాలితోనే లేవబోయి పడింది. “ఒలే, నువ్వెల్లు!” అంది నాతో. ఆ మాట అన్నాక చేతులతో నోరు మూసుకుంది. నేను అప్పటికే దారిలో ఉన్నాను.

కిందకి దిగుతుంటే ఎదురొచ్చేవాళ్ళు నా భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పబోయారు. తర్వాత ఎవరూ ఎదురు రాలేదు. ఒడ్డు ఖాళీ. కుక్కలు లేవు, కాకులు లేవు. సముద్రం దూరంగా జరిగి, ఎప్పుడూ చూడని రాళ్ళు బయటపడి తళతళలాడుతున్నాయి. పైన సైరన్ లేస్తోంది, జారుతోంది. బంకరు కంబళి నిశ్చలంగా వేలాడుతోంది. లోపల ఎవరూ లేరనే అనిపించేంత బాగా కట్టింది.

ఒక కంబళి తీసి లోపలికి వెళ్ళి, అది మూసుకున్నాక రెండోది తీశాను. అంత తొందరలోనూ అలాగే చేశాను. చీకటి. తడిసిన సున్నం, కిరసనాయిలు, ఎండు చేపల వాసన. ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుని కిందకి లాగింది.

“బేగి కూకో. గుడ్డ పెట్టుకో.”

“మామ్మా, పైకి ఎల్లాలి. నీళ్ళొత్తాయి!”

“మొయ్యడం ఆగలేదు. ఆగేదాకా కదలకూడదు.”

“ఇమానాలు కాదే, నీళ్ళు!”

“తెల్సు.” గొంతు నిమ్మళంగా ఉంది. “మాయమ్మకీ తెల్సు. గోతిలో కూకున్నాం అందరం. చప్పుడు ఆగింది. పొయ్యి మీద అన్నం మాడిపోతాదని లేసింది. ఇంకా ఆల్ క్లియర్ కొట్టలేదే అని మా నాన్న సెంగు పట్టుకున్నాడు. ఇదిలించుకుని ఎల్లిపోయింది. ఆకాశంలోంచి ఇనప ముక్క, ఇంత, నా అరిసేతంత, వచ్చి తగిలింది. ఇమానం కూడా లేదప్పుడు.”

నా కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. చెల్లి నేర్పినట్టే బోర్లా పడుకుని ఉంది, మోచేతుల మీద, నోట్లో గుడ్డతో. నన్ను చూసి కళ్ళతో నవ్వింది. లేపబోయాను. రాలేదు. మామ్మ తన చీర చెంగుని చెల్లి నడుముకి చుట్టి ముడి వేసుకుంది, వలకి వేసే ముడి. మా ఇంట్లో ఆ ముడి నాన్నకీ ఆమెకీ తప్ప ఎవరికీ విప్పడం రాదు.

ఏడిచాను. లాగాను. మామ్మ రాయిలా కూర్చుంది. ఆమె నా మాట వినడం లేదనిపించింది గానీ, నిజానికి ఆమె వింటూనే ఉంది, సైరన్‌ని. ప్రతిసారీ అది జారినప్పుడు తల కొంచెం ఎత్తి, మళ్ళీ లేవగానే దించేసింది.

అప్పుడు అర్థమైంది ఆమె దేనికోసం ఎదురుచూస్తోందో. నేను మణికట్టు విదిలించుకుని బయటపడ్డాను. వెనక మామ్మ కేక విన్నాను. తన అమ్మని పిలిచినట్టు పిలిచింది నన్ను.

నేను కొండెక్కేసరికి సైరన్ భయ్యా చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుంది.

“భయ్యా, ఏక్ లంబా బజావో. ఊపర్ నీచే నహీ. ఏక్ హీ ఆవాజ్!”

“పాగల్ హై క్యా? ఆర్డర్ హై.”

“మా మామ్మ కింద ఉంది. బంకర్ మే. చెల్లి కూడా. ఒకే తీరుగా మోగితే ఆపద తప్పిందని బయటికి వస్తుంది. ఆమెకి అదొక్కటే తెలుసు!”

అతను హ్యాండిల్ తిప్పుతూనే కొండ నిండా ఉన్న జనాన్ని చూశాడు. “ఔర్ యే లోగ్? వీళ్ళు కూడా దిగిపోతే?”

“వీళ్ళకి ఎవరూ చెప్పలేదు కదా భయ్యా. ఆ అర్థం ఇక్కడ ఆమెకి తప్ప ఎవరికీ తెలీదు.”

అతను ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. తర్వాత కాళ్ళు ఎడంగా పెట్టి, పళ్ళు బిగించి తిప్పడం మొదలుపెట్టాడు. గొంతు పైకి లేచింది, అక్కడే నిలబడింది. దించలేదు. వేగం తగ్గితే జారుతుంది, జారితే ఆమె మళ్ళీ లోపలికి పోతుంది. ఆ మాట చెప్పాను. చెయ్యి నొప్పి పుట్టినప్పుడు పక్కనున్న ఒకాయన హ్యాండిల్ మీద చెయ్యి వేసి, ఇద్దరూ కలిసి ఒక చుట్టు తిప్పి, అప్పుడు అతను వదిలాడు. శబ్దం వణకలేదు. కొండ మీద జనం ఇంకా పైకే జరిగారు, ఇదేదో ఇంకా పెద్ద ఆపద అనుకుని.

కింద బంకరు కంబళి కదిలింది. మామ్మ బయటికి వచ్చి, ముందు ఆకాశం చూసింది. తర్వాత వంగి ముడి విప్పింది. చెల్లి చెయ్యి పట్టుకుని దారి పట్టింది, నెమ్మదిగా. అంతా అయిపోయాక ఇంటికి వెళ్ళే మనిషికి తొందరేముంది? సగం దూరం వచ్చి ఆగింది. వెనక్కి తిరిగింది. తాడు మీద ఆరేసిన చేపలు గుర్తొచ్చాయి. తీసి, ఒక్కొక్కటీ దులిపి, ఒడిలో వేసుకుంటోంది.

ఆమె వెనక ఇందాకటి రాళ్ళు లేవు. అల లేదు, నురగ లేదు, హోరు లేదు. పళ్ళెంలో నీళ్ళు పోసినట్టు సముద్రం మెల్లగా నిండుతోంది.

నేను ఎలా దిగానో తెలీదు. చెల్లిని ఎత్తి భుజాన వేసుకుని వెనక్కి పరిగెత్తాను. “ఆగవే! కొట్టేసినారు కదా, ఇంకా పరుగేటి?” అని తిట్టుకుంటూ మామ్మ వెంటపడింది. చెల్లిని ఎత్తుకుపోతే ఆమె రాకుండా ఉండదు. ఎండు చేపలు దారి పొడుగునా రాల్చుకుంటూ వచ్చింది. కొండ మొదట్లోనే ఇద్దరు మగవాళ్ళు ఎదురొచ్చి ఆమెని చేతుల మీద ఎత్తేశారు. అప్పుడు పైన హ్యాండిల్ వదిలేశారు. శబ్దం జారి జారి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో కింద నుంచి ఒక చప్పుడు వినిపించింది. నీళ్ళు బంకరు గుమ్మంలోంచి లోపలికి వెళ్తుంటే, లోపలి గాలి సముద్రం వైపు చీలికలోంచి బయటికి వస్తోంది. నిద్రలో ఎవరో పొడుగ్గా ఊపిరి వదిలినట్టు. అది ఆగాక బంకరు పై కప్పు మాత్రం కనపడింది. తర్వాత అదీ లేదు. నీళ్ళు కొండ మొదలు దాకా వచ్చి, కొబ్బరి చెట్ల మధ్య కాసేపు నిలబడి, వచ్చినంత మెల్లగానూ వెళ్ళిపోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఫెర్రీ ఆపేశారు కాబట్టి నాన్న చాతంలోనే ఉండిపోయాడు, మర్నాడు వచ్చాడు.

మామ్మ కింద నీళ్ళనే చూస్తోంది.

“ఆల్ క్లియర్ కొట్టినారు కదే?” అంది.

“కొట్టారు మామ్మా.”

“నానిన్నాను. మరి నీళ్ళెందుకొచ్చినాయి?”

ఆమె సైరన్ వైపు, భయ్యా బొబ్బలెక్కిన అరిచేతుల వైపు, చివరికి నా వైపు చూసింది. కోపం లేదు. చెల్లి తల నిమిరింది. “గుంట బతికింది,” అంది. అంతే.

కొన్నాళ్ళకి చాలామంది తమ పిల్లల్ని ఓడలెక్కించి చుట్టాల దగ్గరికి పంపారు. నన్నూ చెల్లినీ విశాఖపట్నంలో అత్త దగ్గరికి పంపాలని నాన్న అన్నాడు. ఆ పని మామ్మ చేతుల్లోకి తీసుకుంది. పలక చెక్కలు కోసి, వాటి మీద మా పేరు, నాన్న పేరు, ఎక్కడికి చేరాలో రాయించి, తాడు కట్టి, మెడలో చొక్కా లోపలికి వేసింది. బయటికి ఉంటే తాడు ఎక్కడైనా తగులుకుంటుందట. ఒక జత బట్టలు, పేలాలు, బెల్లం. “ఇద్దరూ ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోండి, ఒకరినొకరు పట్టుకోడానికి.” తననీ చిన్నప్పుడు అలాగే మెడలో చెక్కతో బండెక్కించి, సముద్రం కనపడని పల్లెకి పంపారట. కానీ జెట్టీ దాకా మాతో రాలేదు. కొండ దిగలేదు.

తర్వాత కూడా దిగలేదు. మేం తిరిగొచ్చేసరికి కొండ మీద తగరపు ఇళ్ళు, ఆ తర్వాత సిమెంటు ఇళ్ళు వచ్చాయి. నాన్న కొత్త డింగీకి కొబ్బరికాయ కొట్టిన రోజున కూడా పైనుంచే చేతులు జోడించింది. సైరన్ భయ్యా ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు, చేతి సైరన్ తీసేసి స్తంభం మీద కొత్తది పెట్టారు. దాన్ని పరీక్షగా మోగించినప్పుడు మామ్మ తల కూడా ఎత్తేది కాదు.

అయితే పొద్దు వాలాక, దీపం మీద చిప్ప బోర్లించి, ఇంట్లో ఎవరెవరు ఉన్నారో చూసుకుని, ఎవరో ఒకర్ని అడిగేది. “కొట్టినారా?”

మొదట్లో నాన్న, “ఎప్పుడో కొట్టేశారమ్మా, అంతా అయిపోయింది,” అనేవాడు. ఆ రాత్రంతా ఆమె గుమ్మంలో కూర్చునేది. ఎవరినీ బయటికి పోనిచ్చేది కాదు, ఆవలించినా ఉలిక్కిపడేది. ఒకరోజు చెల్లి, ఎందుకన్నదో తనకే తెలీదు, “ఇంకా లేదు మామ్మా,” అంది. మామ్మ ముఖం తేలికపడింది. “అయితే అందరూ లోపలే ఉన్నారు కదా,” అని పడుకుంది.

అప్పట్నుంచి మా ఇంట్లో అదే జవాబు. నేను చాలాసార్లు లెక్క వేసుకున్నాను. ఆ సాయంత్రం నేను చేసిన దానికి ఇద్దరు బతికారు. అది ఏ వైపు నుంచి చూసినా సరైన లెక్కే. కానీ ఆ ఒక్క శబ్దం మీద మామ్మ బాల్యం నుంచీ నిలబడి ఉంది. దాన్ని ఆమె కింద నుంచి లాగేసింది నేనే. మళ్ళీ చేయమంటే మళ్ళీ అదే చేస్తాను.

చివరి రోజుల్లో ఆమెకి మమ్మల్ని పోల్చుకోవడం కష్టమైంది. నన్ను ఒకసారి అమ్మా అని పిలిచింది. ఆఖరి సాయంత్రం గాలి లేదు, కొండ కింద సముద్రం చప్పుడు చేయడం లేదు. నా చెంగు వేళ్ళకి చుట్టుకుని, చాలా మెల్లగా అదే మాట అడిగింది. నేను ఆమె చెవి దగ్గరికి వంగి, ఇంకా కొట్టలేదని, నేనెక్కడికీ వెళ్ళనని చెప్పాను.